రిమోట్ పోయినా టీవీ దారికొచ్చింది

మా టీవీ రిమోట్ పోయి వారం అయింది. సోఫా సందులతో సహా ఇల్లంతా వెతికినా దొరకలేదు. ఫోన్‌లోని గూగుల్ టీవీ యాప్‌తో పని జరిగిపోతుందని మొదట ధీమాగానే ఉన్నాను. అయితే ఆ యాప్ టీవీని గుర్తించాలంటే రెండూ ఒకే వైఫైలో ఉండాలి. మేము కిందటి నెలలోనే రౌటర్ మార్చాము, టీవీకి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వనే లేదు. ఇప్పుడు ఇద్దామంటే రిమోట్ కావాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లయింది.

చివరకు నా ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, దానికి పాత రౌటర్ పేరునే, పాత పాస్‌వర్డ్‌నే అక్షరం పొల్లుపోకుండా ఇచ్చాను. టీవీ కింది అంచున ఉన్న బటన్‌తో దాన్ని ఆన్ చేయగానే, అది పాత నెట్‌వర్క్ అనుకొని తనంతట తానే కలిసిపోయింది. మా ఆవిడ ఫోన్‌ను కూడా అదే హాట్‌స్పాట్‌కు కలిపి, టీవీ తెరపై కనిపించిన కోడ్‌ను యాప్‌లో కొట్టాక బాణం గుర్తులు పనిచేశాయి. ఆ యాప్‌తోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాను. అది పూర్తికాగానే టీవీ హాట్‌స్పాట్‌ను వదిలేసింది కనుక, ఫోన్‌ను కూడా ఇంటి వైఫైకి మార్చవలసి వచ్చింది.

అమ్మకు ఫోన్‌తో టీవీ నడపడం నచ్చలేదు. ఆవిడ కోసం మా టీవీ కంపెనీకి సరిపోయే యూనివర్సల్ రిమోట్ ఒకటి కొన్నాను. ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది కాబట్టి దానికి వైఫై గొడవ లేదు, కానీ ఎదురుగా ఎవరైనా నిలబడితే ఆగిపోతుంది. మైకు బటన్ మాత్రం అందులో అలంకారమే. అసలు రిమోట్‌లో మాట బ్లూటూత్ ద్వారా వెళ్లేది.