మొద్దుబారడం సెలవులో తగ్గింది, కరెన్సీ చెస్ట్‌కి వెళ్లగానే మళ్లీ వచ్చింది

నేను గుంటూరులో ఒక బ్యాంకు కరెన్సీ చెస్ట్‌లో ఆఫీసర్‌ని. బ్రాంచీలకు, ఏటీఎంలకు వెళ్లే నోట్లు మా దగ్గరి నుంచే వెళ్తాయి, పాడైన నోట్లు మా దగ్గరికే వస్తాయి. వాల్ట్‌కి రెండు తాళాలు ఉంటాయి, ఇద్దరం కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది, అందులో ఒక తాళం చెవి నాది. ఆరేళ్లుగా ఇదే సీటు.

జనవరిలో ఒక సాయంత్రం లెక్క కుదరలేదు. మూడు బండిళ్ల తేడా వచ్చింది. బండిల్ అంటే వంద నోట్ల కట్టలు పది, ఐదొందల నోట్లైతే ఒక్కో బండిల్ 5 లక్షలు. అందరికీ చెమటలు పడుతున్నాయి, మా కస్టోడియన్ గారు కుర్చీలో కూలబడ్డారు, నేను మాత్రం మళ్లీ రిజిస్టర్ తెరిచి ఒక్కో అంకె చూసుకుంటూ పోయాను. తప్పు నాదే, ఐదొందల వరుసలో వేయాల్సినవి రెండొందల వరుసలో వేశాను. దొరికాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు అంతకు ముందు భయం లేదు, ఆ తర్వాత ఊరటా లేదు. తాళం చెవి పట్టుకున్న మనిషికి భయం వేయకపోవడం మంచి లక్షణం కాదని ఆ రాత్రి ఇంటికొచ్చాక అనిపించింది.

అదే వారంలో మా చెల్లి ఫోన్ చేసి, నాలుగేళ్ల మందుల తర్వాత కడుపుతో ఉన్నానని చెప్పింది. "చాలా సంతోషం రా" అన్నాను. నోట్లు లెక్కపెట్టేటప్పుడు నంబర్లు చదివే గొంతుతోనే అన్నాను. అది కాసేపు ఆగి "నువ్వు బాగానే ఉన్నావా అక్కా?" అంది.

ఇంట్లో చెబితే వచ్చే మాట ఒకటే. నాన్న మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశారు, ఆ ఘాటుకి ఆయన దగ్గు ఇప్పటికీ తగ్గలేదు. "ఏసీలో కూర్చుని చేసే పనమ్మా, ఆ ఉద్యోగం కోసం ఎంతమంది ఏళ్ల తరబడి చదువుతున్నారో తెలుసా?" అన్నారు. అత్తయ్యగారు గుళ్లో అర్చన చేయించమన్నారు. వాళ్లన్నది అబద్ధం కాదు, ఆ ఉద్యోగం వచ్చినందుకు నాకు నిజంగానే కృతజ్ఞత ఉంది, పిల్లాడి ఫీజు, ఇంటి లోను అన్నీ దాంతోనే నడుస్తున్నాయి. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నా సంగతి చెప్పుకోవడానికి నోరు రాక ఇంకో నెల గడిపేసేదాన్ని.

ఒక రాత్రి నిద్ర పట్టక టెలి మానస్‌కి, అంటే 14416కి ఫోన్ చేశాను. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత లైన్ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి నిద్ర, ఆకలి గురించి అడిగి, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగా అడిగింది. లేదన్నాను. ఒకసారి డాక్టర్‌కి చూపించుకోమని చెప్పింది.

సైకియాట్రిస్టు గారు ముందు రక్తపరీక్షలు రాశారు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే మొద్దుబారిపోవచ్చట. నాకు హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది, ఆడవాళ్లకి 12 ఉండాలి. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి, కొన్ని వారాలకి ఆయాసం తగ్గింది కానీ మొద్దుబారడం మాత్రం అలాగే ఉంది. తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపించారు, దాని పేరు పీహెచ్‌క్యూ-9, మొత్తం 27 మార్కులు. నాకు 11 వచ్చాయి. 10 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాలన్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "సెలవుల్లో ఎలా ఉంటుందమ్మా?" డిప్రెషన్ అయితే పనిలోనే కాదు అన్నిచోట్లా పరుచుకుంటుంది, పని వల్ల వచ్చిన అలసటైతే పనికి దూరమైనప్పుడు ఎంతో కొంత సడలుతుంది, రెండూ కలిసి కూడా ఉండొచ్చు అని చెప్పారు. నాకు సరైన సెలవే లేదు. రెండో శనివారం, నాలుగో శనివారం పడుకోవడంతోనే సరిపోయేది.

జవాబు అనుకోకుండా దొరికింది. కరెన్సీ చెస్ట్‌లాంటి సీట్లలో ఉన్నవాళ్లని ఏడాదికోసారి, ముందు చెప్పకుండా, కనీసం 10 పనిదినాలు వరుసగా సెలవులో పంపాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. మోసాలు బయటపడాలని పెట్టిన నియమం అది, విశ్రాంతి కోసం కాదు. మార్చిలో ఒకరోజు నన్ను పిలిచి తాళం చెవి వేరే ఆయనకి అప్పగించమన్నారు. మధ్యలో ఆదివారాలతో కలిపి రెండు వారాలు ఆఫీసు సిస్టమ్ తెరిచే వీలే లేదు.

మొదటి మూడు రోజులు ఇంకా దారుణంగా ఉంది. పొద్దున్నే ఏడుకి లేచి తాళం చెవి కోసం బ్యాగులో వెతికాను. పడుకుంటే తప్పు చేస్తున్నట్టు ఉండేది. ఆరో రోజు అమ్మతో కలిసి సంవత్సరానికి సరిపడా కారం ఆడించడానికి వెళ్లాను. మరలోంచి ఎర్రటి పొడి వేడివేడిగా డబ్బాలోకి పడుతోంది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా ఇద్దరికీ తుమ్ములు ఆగడం లేదు, పద్నాలుగో తుమ్ముకి అమ్మ లెక్కపెట్టడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది, నేనూ నవ్వాను, కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వాను. ఇంటికొచ్చి చెల్లికి ఫోన్ చేసి ఎన్నో నెల, ఏం తినాలనిపిస్తోంది అని గంటసేపు అడిగాను.

సెలవు చివర్లో ఆ కాగితం మళ్లీ నింపితే 5 వచ్చింది. డ్యూటీలో చేరిన పదకొండో రోజుకి మళ్లీ 9. డాక్టర్ గారు మందులు ఇప్పుడే వద్దన్నారు, బర్నౌట్‌ని, అంటే పని వల్ల వచ్చే ఈ అలసటని, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన స్థితిగానే చెబుతుందని వివరించి, ముందు పనిలో ఏది పీల్చేస్తోందో చూడమన్నారు.

వారం రోజులు గంటల లెక్క రాశాను. నోట్ల పని నేననుకున్నంత తినడం లేదు. ఏటీఎంలలో పెట్టగా మిగిలిన డబ్బు ఏజెన్సీ వాళ్లు ఆరున్నరకి తెచ్చేవాళ్లు, అది లోపల పెట్టేదాకా రెండు తాళాలవాళ్లం కదలడానికి లేదు. రోజుకి సుమారు రెండు గంటలు ఊరికే కూర్చోవడం. ఇంటికి ఎప్పుడు వెళ్తానో నాకే తెలియకుండా ఆరేళ్లు గడిచాయి. దానికితోడు అయిదుగురం చేసే పని ముగ్గురం చేస్తున్నాం.

మేనేజర్ గారితో మొదటిసారి "చాలా అలసటగా ఉంది సార్" అన్నాను. "మీకేం తక్కువమ్మా, టార్గెట్లు లేవు, కస్టమర్లు లేరు" అన్నారు. రెండోసారి గంటల కాగితం, జనవరి తేడా వచ్చిన రోజు రిజిస్టర్ పేజీ, డాక్టర్ ఉత్తరం ముందు పెట్టి మూడు అడిగాను. మిగిలిన డబ్బు నాలుగున్నరలోపు రావాలి, మూడో మనిషికి తాళం చెవి బాధ్యత నేర్పాలి, నన్ను వేరే సీటుకి మార్చాలి. అలసట గురించి కాకుండా తప్పు జరిగే అవకాశం గురించి మాట్లాడితే ఆయన కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు.

మొదటిది మూడు వారాల్లో అయింది, అప్పుడప్పుడు ఐదు దాటుతుంది. రెండోది సగం అయింది, వారానికి రెండు రోజులు తాళం చెవి నా దగ్గర ఉండదు. మార్పు మాత్రం సాధారణ బదిలీలప్పుడే అన్నారు, దరఖాస్తు ఇచ్చాను. మనుషుల సంఖ్య పెరగలేదు. పోయిన నెల ఆ కాగితంలో 6 వచ్చింది, నోట్లు లెక్కపెట్టే మిషన్ శబ్దం ఇప్పటికీ కొన్ని రాత్రులు చెవిలో తిరుగుతుంది.

పోయిన వారం ఒక బండిల్ తక్కువ వచ్చినట్టు కనిపించి చేతులు వణికాయి. రెండోసారి లెక్కపెడితే సరిపోయింది. ఇంటికొచ్చి నాన్నకి చెబితే "భయపడ్డావా?" అన్నారు. బాగా భయపడ్డాను నాన్నా అన్నాను.