చేతులు వణకలేదు, ఫోకస్ తప్పింది: 85 ఎం.ఎం. లెన్సుతో నా అనుభవం

నా 85 ఎం.ఎం. లెన్సుతో ఎవరి ముఖం తీసినా ఫోకస్ బిందువు కంటి మీద ఉండేది, స్పష్టత మాత్రం చెవి దగ్గర కనిపించేది. దీన్ని బ్యాక్ ఫోకస్ అంటారు. ముక్కు స్పష్టంగా వచ్చి కన్ను మసకబారితే ఫ్రంట్ ఫోకస్. అదే కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ తీస్తే కన్ను చక్కగా వచ్చింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్ చూస్తూ తీసేటప్పుడు ఫోకస్‌ను కొలిచేది అద్దం కింద ఉన్న వేరే సెన్సర్. తేడా అక్కడే ఉందని నాకు అర్థమైంది.

ఇదంతా చెప్పినా సర్వీస్ సెంటర్‌లో వినలేదు. కౌంటర్ దగ్గరి మనిషి గీతల కాగితాన్ని బల్లమీద పరిచి, ఎపర్చర్ ఎఫ్/5.6 పెట్టి ఏటవాలుగా ఫొటో తీశాడు. “కెమెరా బాగానే ఉంది సార్, మీ చేతులే వణుకుతున్నాయి” అని పదిమంది ముందు అన్నాడు. పరీక్ష రుసుము కూడా వసూలు చేశాడు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎపర్చర్ అంత చిన్నది చేస్తే స్పష్టత లోతు, అంటే స్పష్టంగా కనిపించే మేర, పెరిగి లోపం కప్పబడిపోతుంది. పైగా ఫోకస్ సెన్సర్ వ్యూఫైండర్‌లో కనిపించే గడి కంటే ఎక్కువ మేర చూస్తుంది. ఏటవాలు కాగితం మీద అది ఏ గీతను పట్టుకుందో ఎవరూ చెప్పలేరు. రుసుము కట్టేముందు పరీక్ష ఎలా చేస్తారో అడగండి.

ఇంట్లో నేను చేసింది ఇది. నల్లటి గళ్ల కాగితాన్ని అట్టకు అంటించి కెమెరాకు సమాంతరంగా నిలబెట్టాను. దాని పక్కన స్కేలును 45 డిగ్రీల వాలులో, సున్నా సరిగ్గా కాగితం వరుసలోకి వచ్చేలా అమర్చాను. ఫోకస్ కాగితం మీద, చదివేది స్కేలు మీద. దూరం రెండు మీటర్లు, ఎందుకంటే ముఖాలు నేను తీసేది దాదాపు అంత దూరం నుంచే. అక్కడ ఎఫ్/1.8 వద్ద ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో స్పష్టత లోతు ఆరు సెంటీమీటర్లకు మించదు. పగటి వెలుతురు, మధ్య ఫోకస్ బిందువు, సెల్ఫ్ టైమర్ వాడాను. ప్రతి ఫొటోకు ముందు ఫోకస్ రింగును పూర్తిగా పక్కకు తిప్పి, కెమెరా మళ్లీ వెతుక్కునేలా చేశాను.

కెమెరా మెనూలోని ఫోకస్ సవరణ సున్నా దగ్గర ఉన్నప్పుడు స్పష్టత స్కేలు మీద నాలుగు సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. నికాన్‌లో AF fine-tune, కెనాన్‌లో AF Microadjustment అనే మెనూలో -20 నుంచి +20 వరకు విలువలుంటాయి. మైనస్ ఫోకస్‌ను కెమెరా వైపు లాగుతుంది, ప్లస్ దూరం నెడుతుంది. ముందు -20 పెట్టి చూస్తే స్పష్టత సున్నా దాటి ముందుకొచ్చింది. అక్కడి నుంచి వెనక్కి వస్తూ -11 దగ్గర నిలిపాను. ఒక్కో విలువకు కొన్ని ఫొటోలు తీసి వాటి సగటునే నమ్మాలి. ఒకే విలువ వద్ద ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోతుంటే ఈ సవరణ దాన్ని బాగుచేయలేదు.

ఈ విలువ ఆ కెమెరాకు, ఆ లెన్సుకు మాత్రమే. జూమ్ లెన్సుకు ఒక్క విలువే ఇవ్వగలిగే కెమెరా అయితే, మీరు ఎక్కువగా వాడే చివర దగ్గరే పరీక్షించండి. పసుపు బల్బుల వెలుగులో ఫలితం కొంచెం మారవచ్చు కాబట్టి, రాత్రి వేడుకలకు తీసేవారు ఆ దీపాల కింద కూడా ఒకసారి స్కేలు చదివి చూసుకోవాలి.