నకదే: శత్రువు ఇంట్లో మధ్య చుక్క పట్టుకోవడం నేనెలా నేర్చుకున్నాను

గో ఆటలో ఒక రాళ్ళ గుంపు బతకాలంటే దాని లోపల రెండు కళ్ళు, అంటే శత్రువు నింపలేని రెండు విడివిడి ఖాళీలు కావాలి. ఒకటే పెద్ద ఖాళీ ఉంటే దాన్ని రెండుగా విడగొట్టుకునే వీలుండాలి. ఆ వీలు దొరక్కముందే మనం లోపల దూరి, విడగొట్టే చోటే రాయి పెట్టేస్తే దాన్ని నకదే అంటారు. పెద్ద హాలు మధ్యలో గోడ కట్టి రెండు గదులు చేసుకుందామనుకునేవాడికి, సరిగ్గా గోడ రావాల్సిన చోట మనం మంచం వేసుకుని పడుకున్నట్టు.

ఆకారాలు బట్టీ పట్టడానికి పెద్దగా టైం పట్టలేదు. చంపదగ్గవి అసలు కొన్నే. మూడు ఖాళీలైతే వరసగా ఉన్నా, వంగి ఉన్నా మధ్య చుక్క. నాలుగు ఖాళీల్లో T ఆకారమైతే మూడు చేతులూ కలిసే చుక్క. ఐదు ఖాళీల్లో రెండు: ప్లస్ గుర్తులా ఉండేది ఒకటి, చతురస్రానికి పక్కన ఒక చుక్క తగిలించినట్టు ఉండేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని చైనా వాళ్ళు కత్తిపిడి ఐదు అంటారు. ఆరు ఖాళీల్లో ఒక్కటే ఉంది, చతురస్రంలో ఒకే మూలకి రెండు వైపులా చెరో చుక్క తగిలించినది. నాలుగు ఖాళీలు చతురస్రంగా ఉంటే మనం ముట్టుకోనక్కర్లేదు, అది ముందే చచ్చినట్టు లెక్క. నాలుగూ ఒకే గీతగా ఉన్నా, L లాగానో Z లాగానో వంగినా అది బతికినట్టే. అక్కడ విడగొట్టే చుక్కలు రెండుంటాయి, మనం ఒకటి తీసుకుంటే వాడు రెండోది తీసుకుంటాడు.

చంపే చుక్క ఏదో గుర్తుంచుకోవడానికి నేను వాడే కిటుకు ఒకటే. ఆ ఖాళీలో ఏ చుక్కకి పొరుగు ఖాళీలు అందరికన్నా ఎక్కువ ఉన్నాయో అదే. ప్లస్ గుర్తులో నడిమధ్య చుక్కకి నలుగురు పొరుగువాళ్ళు, కత్తిపిడిలో ఒక చుక్కకి ముగ్గురు, మిగతా వాటికి అంతకన్నా తక్కువ.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ బోర్డు మీద నాకు అసలు టెన్షన్ పెట్టింది ఆ మొదటి రాయి తర్వాత సంగతి. చచ్చిందని నేననుకున్న గుంపు చుట్టూ ఉన్న నా గోడకే ఊపిరాడకపోతే? అప్పుడు ఆ గుంపుని నిజంగానే బోర్డు మీంచి తీసెయ్యాలి. అది ఎన్ని ఎత్తులు పడుతుంది, లోపల ఏ క్రమంలో నింపాలి అన్నది నాకు ఒక ఆన్‌లైన్ ఆటలో పూర్తిగా తెలిసొచ్చింది. బోర్డు 19x19. కింది అంచున ఎడమవైపు ఇలా ఉంది. X నావి, నలుపు. O అవతలివాడివి, తెలుపు.

```
4 . X X X X X X . .
3 . X O O O O X X X
2 . X O . . O O . X
1 . X O . . . O . X
  A B C D E F G H J
```

తెలుపు లోపలి ఖాళీ D1, E1, F1, D2, E2. చక్కటి కత్తిపిడి. వంతు నాది. E1కి పొరుగు ఖాళీలు మూడు, D1, F1, E2. అక్కడే పెట్టాను. వంతు వాడిదై వాడే E1లో పెట్టి ఉంటే F1 ఒక కన్ను, D1-D2-E2 ఇంకో కన్ను, గుంపు హాయిగా బతికేది. నేను తొందరపడి E2లోనో D1లోనో పెట్టినా వాడు E1 తీసుకుని బతికేవాడే.

E1 తర్వాత వాడు లోపల ఆడితే ఏం చెయ్యాలో కూడా ముందే చూసి పెట్టుకున్నాను. E2లో పెడితే నేను D1లో పెట్టాల్సిందే, లేకపోతే వాడు D1 తీసుకుని రెండు కళ్ళు చేసుకుంటాడు. D1లో పెడితే నాది E2. ఇవి రెండే ప్రమాదాలు. D2లో పెడితే మిగిలేది T ఆకారం, దాని నడిమధ్య నా రాయి అప్పటికే కూర్చుని ఉంది. F1లో పెడితే మిగిలేది చతురస్రం. ఈ రెండు సందర్భాల్లో నేను తలెత్తి చూడనక్కర్లేదు, వేరే చోట ఆడుకోవచ్చు. ఇలా ఏ ఎత్తుకి జవాబివ్వాలో, దేనికి అక్కర్లేదో విడివిడిగా తెలియడం ఆకారం పేరు గుర్తుండటం కన్నా చాలా ఎక్కువ పనికొస్తుంది.

వాడు లోపల ఆడలేదు. తెలివైనవాడు. బయట తిరిగి నా గోడని చుట్టడం మొదలుపెట్టాడు. ఊపిరి అంటే రాయికి ఆనుకుని ఉన్న ఖాళీ చుక్క, అన్నీ మూసుకుపోతే ఆ రాళ్ళు బోర్డు మీంచి పోతాయి. నా గోడకి బయటివైపు మొదట 15 ఊపిర్లున్నాయి, A వైపు నాలుగు, ఐదో వరసలో ఆరు, మిగతావి కుడివైపు. వాడు నాలుగు మూసేసి 11కి తెచ్చాడు. వంతు నాది. పై కుడి మూలలో నాకు మంచి చోటు ఒకటి ఎదురుచూస్తోంది. వెళ్ళొచ్చా, ఇక్కడే ఉండాలా?

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. లోపల ఖాళీలు నాలుగు మిగిలాయి, బయట H1, H2 రెండు, మొత్తం ఆరు ఎత్తుల్లో తీసెయ్యొచ్చు అనుకుంటారు. కాదు. లోపల నాలుగు రాళ్ళు నింపగానే వాడు ఐదో చుక్కలో పెట్టి నా నాలుగింటినీ తినేస్తాడు. మళ్ళీ నాలుగు ఖాళీలు. మళ్ళీ మూడు నింపాలి, వాడు తింటాడు. తర్వాత రెండు, మళ్ళీ తింటాడు. ఆఖరికి ఒకటి, ఇంకొకటి. వాడు తినడానికి ఖర్చుపెట్టే ఎత్తుల్ని తీసేస్తే, మూడు ఖాళీల కన్ను 3 ఊపిర్లతో సమానం, నాలుగు ఖాళీలది 5, ఐదుది 8, ఆరుది 12. లోపల మన రాయి ఎన్ని ఉంటే అన్ని తగ్గించుకోవాలి. కాబట్టి వాడి లోపల 8లోంచి E1 రాయి పోగా 7. H1, H2 రెండూ నా గోడకీ వాడి గుంపుకీ ఉమ్మడి. కన్ను ఉన్నది వాడికి, నాకు లేదు, కాబట్టి ఆ రెండూ వాడి ఖాతాలోకే పోతాయి. వాటిని మూసే పని నాదే. మొత్తం 9.

నాకు 9 ఎత్తులు కావాలి. నా ఊపిర్లు 11, వంతు నాది. నేను వేరే చోట ఆడితే వాడు 10 చేస్తాడు. ఇంకోసారి వేరే చోట ఆడితే 9 చేస్తాడు. అప్పుడు 9కి 9, వంతు నాది, ఒక్క అడుగు ముందు నేనే. మూడోసారి వేరే చోటికి వెళ్తే మాత్రం 8, నా గోడ మొత్తం గల్లంతు. అంటే నాకు పై మూలలో సరిగ్గా రెండు ఎత్తులు ఉచితం. ఆరు అనుకుని ఆడేవాడు ఇంకో మూడు తీసుకుని మునిగిపోతాడు.

రెండు ఎత్తులూ పైన ఆడేశాను. మూల నాదైంది. వాడు నా ఊపిర్లు 9 చెయ్యగానే తిరిగొచ్చి H2, H1 మూసేశాను.

ఇప్పుడు లోపల నింపడం. నాకు గో నేర్పిన పెద్దాయన ఒకాయన ఆఫీసులో ఉన్నారు, ఆయన ఎప్పుడూ ఒకటే మాట అనేవారు: "రాయి పెట్టేటప్పుడు అది చస్తుందని భయపడకు. వాడు తిన్నాక మిగిలే ఖాళీ ఏ ఆకారంలో ఉంటుందో అది చూడు." కత్తిపిడిలో నాలుగు రాళ్ళు పెట్టి ఒకటి వదలాలి. E1 ఎలాగూ నాది. మిగతా నాలుగు చుక్కల్లో ఏది వదలాలి? F1 వదిలితే నా నాలుగు రాళ్ళూ చతురస్రం, అవి పోయాక మిగిలే ఖాళీ కూడా చతురస్రమే, వాడికి పనికిరాదు. D2 వదిలితే T ఆకారం, వాడు తిన్న వెంటనే నేను మళ్ళీ E1లో పెట్టాలి, అయినా చస్తుంది. కానీ D1 వదిలితే మిగిలేది F1-E1-E2-D2, అంటే Z. E2 వదిలితే D2-D1-E1-F1, అంటే L. ఈ రెండిట్లో ఏది జరిగినా వాడు నా రాళ్ళు తిని బతికేస్తాడు. చచ్చిన గుంపుని మన చేత్తో మనమే బతికించినట్టవుతుంది.

నేను చతురస్రం ఎంచుకున్నాను: D1, E2, D2. మూడోది పెట్టగానే వాడి గుంపు అటారిలో, అంటే ఒకే ఊపిరి మిగిలిన స్థితిలో పడింది. వాడు F1లో పెట్టి నాలుగు రాళ్ళు తీసుకున్నాడు. చాట్‌లో ఒక నవ్వు బొమ్మ పెట్టాడు కూడా. నేను మళ్ళీ E1లో పెట్టాను. చతురస్రంలో నేనెక్కడ పెట్టినా మూడు రాళ్ళయ్యేసరికి వంగిన మూడే వస్తుంది, తిన్నాక మిగిలేది వంగిన మూడు ఖాళీలు, దాని మధ్య చుక్క నాది. అక్కడ మాత్రం మధ్యలోనే పెట్టాలి, చివర పెడితే వాడు మధ్యలో పెట్టుకుని రెండు కళ్ళు చేసుకుంటాడు. వాడు ఇంకో రెండు ఎత్తులు నా గోడ మీద ఆడి, ఊపిర్లు లెక్కపెట్టుకున్నాడేమో, రిజైన్ చేశాడు.

మన గోడకీ వాడి గుంపుకీ ఊపిర్ల పోటీ లేకపోతే ఇదంతా బోర్డు మీద ఆడి చూపించనక్కర్లేదు. జపాన్ నియమాల్లో E1 పెట్టిన తర్వాత ఆ గుంపు ఎలా ఉందో అలాగే వదిలేస్తాం, ఆట ముగిశాక చచ్చిన రాళ్ళుగా తీసేస్తాం. అక్కడ అనవసరంగా లోపల నింపుకుంటూ పోతే, వాడు జవాబివ్వని ప్రతి ఎత్తుకీ మన సొంత పాయింటు ఒకటి పోతుంది.

ఒక్క చోట మాత్రం పై లెక్కలు నమ్మకూడదు, బోర్డు మూలలో. అంచు మధ్యలో రెండు వరసల్లో మూడేసి చుక్కలుగా ఉన్న ఆరు ఖాళీలు మామూలుగా బతికినవే. అదే ఆకారం సరిగ్గా మూలలో ఉంటే బయటి ఊపిర్లు చూడాలి. రెండుంటే బతుకుతుంది, ఒకటే ఉంటే కో, అంటే ఒకే చోట ఇద్దరూ ఒక్కో రాయిని మార్చి మార్చి తినే పోరు అవుతుంది, ఒక్కటీ లేకపోతే ముందు ఆడినవాడు చంపేస్తాడు. అందుకే ఇప్పుడు మూలలో పెద్ద కన్ను కనిపిస్తే ఆకారం చూడకముందే ఆ గుంపు బయట తడిమి ఊపిర్లు లెక్కపెడతాను.