పురిటి గదిలో పావుగంట

ఈ వేసవిలో మేము న్యూజెర్సీ నుంచి గుంటూరు వచ్చి ఉండగానే మా బాబాయిగారి అమ్మాయికి డెలివరీ అయింది. రెండో కాన్పు, సిజేరియన్, ఆడపిల్ల. అప్పుడే పుట్టిన బిడ్డను ఆస్పత్రిలో చూడటం మా ఇద్దరు పిల్లలకీ అదే మొదలు. అమ్మాయికి పదమూడేళ్లు, అబ్బాయికి ఎనిమిది. అక్కడ మా స్నేహితుల ఇంట్లో బిడ్డ పుడితే గుమ్మం దగ్గర భోజనం పెట్టేసి వస్తాం. నెల గడిచాక వాళ్లు రమ్మంటే వెళ్తాం. ఇక్కడ అలా కుదరదు. ఊళ్లోనే ఉండి చూడటానికి రాలేదంటే ఆ మాట బారసాల దాటాక కూడా నిలిచి ఉంటుంది. అందుకని వెళ్లి తీరాలి. వెళ్లాక ఎంతసేపు కూర్చోవాలో మాత్రం మనకు ఎవరూ చెప్పరు. పిల్లలకు నేను ముందుగా నేర్పాలనుకున్నది అదే.

శనివారం సాయంత్రం కబురు రాగానే ఇంట్లో అందరూ ఆ రాత్రే బయల్దేరదామన్నారు. నేను సోమవారం సాయంత్రానికి వాయిదా వేశాను. ఆపరేషన్ అయిన మొదటి రోజు మత్తు దిగుతూ ఉంటుంది, సెలైన్ ఎక్కుతూ ఉంటుంది, మూత్రానికి గొట్టం వేసి ఉంటుంది. ఆ స్థితిలో తనను పదిమంది చూడాలని ఏ ఆడపిల్లా కోరుకోదు. మూడో రోజుకు లేచి నాలుగు అడుగులు వేస్తుంది, జడ వేయించుకుంటుంది, మనిషి కాస్త తేరుకుంటుంది. దీనికి తోడు మా అబ్బాయికి విమానం దిగినప్పటి నుంచి ముక్కు కారుతోంది. అది పూర్తిగా తగ్గితేనే తీసుకెళ్తానన్నాను. మనకు మామూలు జలుబు అనిపించేది పసిగుడ్డుకు ఊపిరి అందనివ్వకుండా చేయొచ్చు. కోరింత దగ్గుకు ఇక్కడ బిడ్డకు వేసే మొదటి టీకా ఆరో వారంలో. అప్పటిదాకా బిడ్డను కాపాడేది చుట్టూ ఉన్నవాళ్ల జాగ్రత్తే.

సాయంత్రం ఏ సమయానికి వెళ్లాలని పిన్నికి ఫోన్ చేశాను. బాలింతకు చేయలేదు, ఆవిడ నిద్రలో ఉండొచ్చు. "ఐదింటికి పాలిస్తుందమ్మా, ఆరు దాటాక రండి" అంది పిన్ని. ఈ మాట వెనక ఉన్న లెక్క మా అమ్మాయికి విడమరచి చెప్పాను. కొత్తగా పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. అంటే రెండు మూడు గంటలకోసారి. పట్టడం, తేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం అన్నీ కలిపితే దగ్గర దగ్గర గంట. మిగిలిన గంటా రెండు గంటల్లోనే బీపీ చూడటానికి నర్సు వస్తుంది, డాక్టరు రౌండ్స్‌కు వస్తారు, తను నాలుగు ముద్దలు తినాలి. ఆ మిగులులోంచే మనం పావుగంట తీసుకుంటున్నాం. గంట కూర్చుంటే తీసుకున్నది ఆవిడ నిద్రే. పైగా మూడో రోజు ఇంకా పాలు సరిగ్గా పడే సమయం. పదిమంది గదిలో ఉంటే మొహమాటపడి బిడ్డను ఆలస్యంగా రొమ్ముకు వేసుకుంటుంది. అది ఇద్దరికీ ఇబ్బందే.

ఇక మాటలు. మా అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది కానీ, పెద్దవాళ్లనైనా చిన్నవాళ్లనైనా అందరినీ "నువ్వు" అనేస్తాడు. ఆ గదిలో బిడ్డ నాయనమ్మగారు కూడా ఉంటారు. అందుకని కారులో వెళ్తూ మూడే మూడు మాటలు చెప్పించాను. బాలింతతో "ఎలా ఉన్నావు పిన్నీ?" నాయనమ్మగారితో "నమస్కారమండీ, మీరు భోంచేశారా?" బిడ్డను చూశాక "చెల్లి చల్లగా ఉండాలి." అంతకు మించి ఏమీ అక్కర్లేదు, మిగతాది నవ్వితే చాలు అన్నాను. మా అమ్మాయికి మాటలు నేర్పక్కర్లేదు. తనకు అడగకూడనివి చెప్పాను. నార్మలా సిజేరియనా, పాలు పడ్డాయా, ఎవరి పోలిక, రంగెవరిది. ఇవి మన గదుల్లో రోజూ వినపడే ప్రశ్నలే. అడిగేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదని నాకూ తెలుసు. కానీ ఒళ్లంతా నొప్పులతో పడుకున్న మనిషి రోజుకు ఇరవైసార్లు వాటికి జవాబు చెప్పాలి.

పేరు కూడా అడగొద్దన్నాను. దానికి తను ఆశ్చర్యపోయింది. అమెరికాలో ఆస్పత్రి వదలకముందే బర్త్ సర్టిఫికెట్ కాగితాల్లో పేరు రాసేస్తారు కదా. ఇక్కడ పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో పేరు పెడతారు. పుట్టిన సంగతి 21 రోజుల్లో నమోదు చేయిస్తే చాలు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. అందుకే ఆ చిట్టి చేతికి కట్టిన పట్టీ మీద వాళ్లమ్మ పేరే ఉంటుంది. పుట్టేదాకా ఆడపిల్లని ఎవరికీ ఎందుకు తెలియలేదని కూడా అడిగింది. అక్కడ తన స్నేహితురాలి ఇంట్లో పుట్టబోయేది ఆడో మగో చెప్పడానికి రంగు పొడులు చల్లి పండగ చేశారు మరి. ఇక్కడ 1994 నాటి చట్టం ప్రకారం స్కానింగ్‌లో ఆ సంగతి చెప్పడం నేరం. ఎందుకు నేరమయిందో కూడా దాచకుండా చెప్పాను. పదమూడేళ్ల పిల్లకు అది తెలియాలి.

కొత్తపేటలో ఆస్పత్రి ముందు బండి ఆపుకోవడమే ఒక పని, దాని గురించి చెప్పేదేమీ లేదు. పైకి వెళ్లగానే ముందు చేతులు కడిగించాను. సబ్బుతో ఇరవై సెకన్లు, వేళ్ల సందులు కూడా. పూలు తీసుకెళ్లలేదు, మల్లెల వాసన ఏసీ గదిలో మరీ ఘాటుగా ఉంటుంది. బాలింతకు తినడానికీ ఏమీ తీసుకెళ్లలేదు. ఆపరేషన్ అయినవాళ్లకు ఏం పెట్టాలో డాక్టరు చెప్తారు, పథ్యం సంగతి పిన్ని చూసుకుంటుంది. క్యారియర్ మాత్రం తీసుకెళ్లాం, అది రాత్రిళ్లు తోడు పడుకుంటున్న పిన్ని కోసం. పప్పు, బీరకాయ కూర, పెరుగన్నం. ఆస్పత్రిలో తోడున్నవాళ్లు తిన్నారో లేదో అడిగేవాళ్లే తక్కువ.

గదిలోకి అడుగు పెట్టగానే అందరి కాళ్లూ ఉయ్యాల వైపే పోతాయి. పిల్లలిద్దరినీ ముందు మంచం దగ్గరకు తీసుకెళ్లాను. మా చెల్లి చేయి పట్టుకుని "మాట్లాడక్కర్లేదమ్మా, నిన్ను చూసి వెళ్దామని వచ్చాం" అన్నాను. తను నవ్వబోయి కుట్లు లాగి పొట్టకు దిండు అదుముకుంది. మా అబ్బాయి అది చూసి గొంతు తగ్గించి "ఎలా ఉన్నావు పిన్నీ" అన్నాడు. తర్వాతే బిడ్డ. పాత మెత్తటి చీర ముక్కలో చుట్టి ఉంది. "ఎంత ముద్దుగా ఉందో" అనబోయి మా అమ్మాయి ఆగి, "చల్లగా ఉండాలి" అని కలిపింది. పిల్లను పొగిడినప్పుడు ఆ మాట తోడు రాకపోతే పెద్దవాళ్లకు మనసులో ఒక గుచ్చు ఉంటుంది. దిష్టి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ గుచ్చు తీసేయడానికి మనకు పోయేదేమీ లేదు.

ఎత్తుకుంటారా అని పిన్ని అడిగింది. ఇంటికొచ్చాక ఎత్తుకుంటారులే అన్నాను. ముద్దులు వద్దని ముందే చెప్పి ఉంచాను, చేతికైనా సరే, ఎందుకంటే ఆ చేయే నోట్లోకి వెళ్తుంది. ఫోటో అడగకుండా తీయొద్దన్నాను. పురిటి స్నానం కాకముందు బిడ్డ ఫోటో బయటికి పోవడం చాలామందికి ఇష్టం ఉండదు. వెయ్యిన్నూట పదహార్లు కవర్లో పెట్టి తల్లి దిండు కింద ఉంచాను. నోటు బిడ్డ గుప్పిట్లో పెట్టే అలవాటు మనది, కానీ ఎన్ని చేతులు మారిన నోటో అది.

అప్పుడే ఇంకో బంధువు వచ్చారు. గుమ్మంలోంచే "మళ్లీ ఆడపిల్లేనా?" అన్నారు. చెల్లి కళ్లు కిందికి దించుకుంది. పెద్దావిడ, ఆవిడతో వాదించే చోటు కాదది. "తల్లీ బిడ్డా క్షేమం పిన్నిగారూ, ఇంటికి బంగారుతల్లి వచ్చింది" అని అందరికీ వినపడేలా అన్నాను. నాయనమ్మగారు వెంటనే "మా పెద్దదానికి తోడు దొరికింది" అన్నారు. ఆవిడ ఆ మాట అనడం నాకు ఎంత నచ్చిందో. "మహాలక్ష్మి పుట్టింది" అని మనం అలవాటుగా అంటాం. దాన్ని సంతోషంగా అనగలిగితేనే అనాలి. ఓదార్పు గొంతుతో అంటే ముందు ప్రశ్న కంటే ఎక్కువ బాధపెడుతుంది. తిరిగి వెళ్తూ మా అమ్మాయి "ఆవిడ ఎందుకలా అంది?" అని అడిగింది. చట్టం గురించి చెప్పినది అక్కడ మళ్లీ పనికొచ్చింది. నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది.

కాసేపటికి బిడ్డ పెదాలు చప్పరించింది, తల అటూ ఇటూ తిప్పి వెతికింది, గుప్పిట నోటి దగ్గరకు తెచ్చుకుంది. అది ఆకలి. ఏడుపు దాకా వస్తే ఆలస్యమైనట్టే, ఏడుస్తున్న బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టదు. చెల్లి ఒకసారి తలుపు వైపు చూసి పైట సర్దుకుంది. లేవడానికి అంతకంటే సూచన ఏం కావాలి. పిన్ని కాఫీ అంది. కాఫీ కోసం ఆవిడ కింద క్యాంటీన్ దాకా దిగాలి. "బారసాలకు వచ్చి రెండు కప్పులు తాగుతాం పిన్నీ" అన్నాను. వెళ్తున్నాం అనకుండా "వెళ్లొస్తాం" అనమని పిల్లలకు చెప్పి ఉంచాను, ఇద్దరూ అలాగే అన్నారు. మాతో పాటు ఆ పెద్దావిడనూ లేవదీశాను. "రండి, కారులో దింపుతాం" అంటే కాదనలేదు. మనం లేచినా మిగతావాళ్లు కూర్చుంటే బాలింతకు ఒరిగేదేమీ లేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య పురుడంటూ అందరినీ స్నానానికి పంపారు. పిల్లలు అడ్డు చెప్పలేదు, కొత్తపేట దుమ్ములో తిరిగొచ్చాక స్నానం వాళ్లకూ హాయిగానే ఉంది. మర్నాడు ఫోన్ మళ్లీ పిన్నికే చేశాను. రాత్రి మూడుసార్లు లేచిందట, పాలు బాగా పడ్డాయట, పెరుగన్నం సరిపోయిందట. మా అబ్బాయి ఫోన్ లాక్కుని బారసాల రోజు చెల్లిని ఎత్తుకోవచ్చా అని అడిగాడు. చాప మీద కూర్చుని, మెడ కింద చేయి పెట్టుకుంటే ఇస్తానంది పిన్ని.