తాబేలు పిల్లలకు దారి చూపేది వెలుతురే

నిన్న రాత్రి శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గూట్లోంచి బయటపడటం చూశాను. ఇసుక చల్లబడ్డాకే పైకొస్తాయి, అందుకే ఎక్కువగా రాత్రిపూటే. తల్లి తోడు లేకపోయినా దాదాపు అన్నీ నేరుగా సముద్రం వైపే పాకాయి.

వాటికి ముఖ్యంగా దారి చూపేది వెలుతురు. నీటి మీద ఆకాశం అంచు కాస్త తెల్లగా ఉంటుంది. వెనక ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు నల్లగా, ఎత్తుగా కనిపిస్తాయి. ఆ నలుపుకు దూరంగా, తెలుపు వైపు కదులుతాయి. నడినెత్తిన ఉన్నదాన్ని అంతగా పట్టించుకోవు, నేలకు దగ్గరగా ఉన్న అంచునే చూస్తాయి.

చిక్కంతా అక్కడే. ఒడ్డున వెలిగే ఒక్క లైటు కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే కనిపిస్తుంది. కాస్త అవతల ఒక తెల్ల లైటు దగ్గర ఇసుకలో జాడలు చూశాను. విసనకర్రలా నీటి వైపు విచ్చుకోవాల్సిన గీతలు సున్నాలు చుట్టి రోడ్డు వైపు మళ్లాయి. కడుపు తరుక్కుపోయింది. అలా తిరిగిన పిల్లలు తెల్లారితే కాకులకూ ఎండకూ దొరికిపోతాయి.

"టార్చి ఆపమ్మా, ఎర్ర లైటైతే వాటికి అంతగా కనిపించదు" అన్నాడు కాపలా ఉన్న అన్న.

నీళ్లు తగిలాక మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడినుంచి అలలకు ఎదురుగా ఈదుతూ లోతుకు వెళ్లిపోతాయి.