జ్యూరీలో ఆరు నిమిషాలు, సెక్షన్ మీద ఒక పెన్సిల్ గీత

ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం స్టూడియోలో మాకు ఇచ్చిన ప్రాజెక్టు, మంగళగిరిలో 24 చేనేత కుటుంబాలకు ఇళ్లు. స్థలం ముప్పావు ఎకరం, ఉత్తర దక్షిణాలుగా పొడవైనది. సైట్ చూడడానికి వెళ్లిన రోజు తెల్లవారుజామున ఒక వీధిలో పడుగును, అంటే బట్టలో నిలువుగా పోయే దారాలను, చాచి గంజి పెడుతుండగా చూశాను. టేపు పట్టి కొలిస్తే పడుగు పొడవు దాదాపు 35 మీటర్లు వచ్చింది. ఇద్దరు మనుషులు చెరో పక్కన కుంచెతో దువ్వుకుంటూ నడుస్తున్నారు, పాలబండి వాడు సైకిలు దిగి పడుగు పక్కగా నడిపించుకుని పోతున్నాడు. నా కాన్సెప్టు అక్కడే పుట్టింది. వీధి అంటే ఇళ్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ కాదు, మగ్గం గది తర్వాత ఆ కుటుంబాలకు అది రెండో పనిచోటు. అందుకని స్థలం పొడవునా 6 మీటర్ల వెడల్పు గల వీధి ఒకటి, దానికి అటూ ఇటూ పన్నెండేసి ఇళ్లు, కింద మగ్గం, పైన నివాసం అని వేశాను.

జ్యూరీ అంటే మా డ్రాయింగులు బోర్డు మీద పెట్టి పరీక్షించేవాళ్ల ముందు వివరించడం. అందులో ఒక్కొక్కరికి 12 నిమిషాలు అన్నారు. ఉదయం ముందువాళ్ల దగ్గర చర్చ సాగిపోవడంతో, మధ్యాహ్నం నా వంతు వచ్చేసరికి స్టూడియో ఇన్‌చార్జి సార్ ప్రశ్నలతో కలిపి ఆరే నిమిషాలు అని చెప్పేశారు. నేను సిద్ధం చేసుకున్న మాటలకే ఎనిమిది నిమిషాలు కావాలి. పిన్-అప్ బోర్డు మీద ఎడమ నుంచి కుడికి కాన్సెప్టు షీటు, సైట్ ప్లాను, ఇంటి ప్లాన్లు, చివర ఇళ్లనూ వీధినీ నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ వరుసగా ఉన్నాయి. ఆ వరుసలో చెప్పుకుంటూ పోతే సెక్షన్ దాకా చేరే ప్రశ్నే లేదు. కాన్సెప్టు షీటు మీద పడుగు పేకల గళ్లను రంగుల్లో అందంగా వేసుకున్నాను, ఒక రాత్రి దానికే సరిపోయింది. దాన్ని వదిలేసి సూటిగా 1:50 సెక్షన్ దగ్గరికి వెళ్లి, "ఈ వీధిలో ఉదయం పూట పడుగు చాస్తారు, మిగతా ప్రాజెక్టంతా దీని చుట్టూ కట్టినదే" అన్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని బహుశా అదొక్కటే. ఎందుకంటే, తర్వాత వచ్చిన రెండు ప్రశ్నలూ ఆ సెక్షన్ మీదే వచ్చాయి.

మొదటిది బయటి నుంచి వచ్చిన మేడమ్ వేశారు. "మగ్గం గుంట ఏదమ్మా?" గుంట మగ్గం మీద నేసేవాళ్లు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి తొక్కుడు చెక్కలు తొక్కుతారు. ప్లానులో మగ్గం కింద దీర్ఘచతురస్రం గీసి ఉంది. సెక్షన్‌లో మాత్రం నేల గీత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తిన్నగా పోయింది. కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. మెట్లు కనిపిస్తే బొమ్మ నిండుగా ఉంటుందని కోత గీతను మెట్ల మీదుగా తీసుకెళ్లాను, మగ్గం ఉన్న వైపు అది తగలనే లేదు. "ప్లానులో ఉంది మేడమ్" అనబోయి ఆగిపోయాను. ప్లానులో గుంట ఎక్కడుందో తెలుస్తుంది గానీ, అది ఎంత లోతు, పునాదికి ఎంత దగ్గర, వానాకాలం నేల చెమ్మ అందులోకి ఊరకుండా ఏం చేశావు అన్నవాటికి సెక్షనే జవాబు చెప్పాలి. "తప్పు చోట కోశాను మేడమ్. గుంటను పక్క గోడ పునాదికి ఒక మీటరు ఎడంగా పెట్టాను, లోపల సిమెంటు పూత అనుకున్నాను, కానీ గీయలేదు" అని ఒప్పుకున్నాను. ఆవిడ తలూపి ఊరుకున్నారు. దానికి పట్టింది అర నిమిషం. వాదించి ఉంటే రెండు నిమిషాలు దాని కిందే పోయేవి.

రెండో ప్రశ్న అంత తేలికగా వదల్లేదు. పెద్దాయన ఒకరు స్కేలు తీసుకుని సెక్షన్ దగ్గరికి వచ్చారు. "పడుగుకు గంజి పెట్టాక అది ఆరాలి కదా, నీ వీధిలో ఎండ ఎన్ని గంటలకు వస్తుంది?" వీధి అంతా నీడగా, చల్లగా ఉంటుందని అంతకు ముందే గొప్పగా చెప్పి ఉన్నాను. ఆయన అడిగింది సరిగ్గా దానికి ఎదురు ప్రశ్న. తెల్లవారగానే మొదలుపెట్టేది నీడ కోసం కాదు, లేత ఎండలో గంజి నెమ్మదిగా ఆరాలని, ఎండ ముదిరేలోపు పని ముగియాలని. ఆ సంగతి నేను సైట్‌లో విన్నదే. విని కూడా నోట్సులో రాసుకున్నానే తప్ప సెక్షన్ మీద పెట్టలేదు.

నాకు నోట మాట రాలేదు. ఆయనే నెమ్మదిగా, "మార్చి నెల అనుకో. ఆరుంబావు ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, గంటకు 15 డిగ్రీల లెక్కన 45 డిగ్రీలకు రావడానికి ఎంతసేపు?" అన్నారు. మూడు గంటలు అన్నాను, అంటే తొమ్మిదింబావు. 45 డిగ్రీల దగ్గర నీడ పొడవు గోడ ఎత్తుతో సమానం. నా ఇళ్లు రెండంతస్తులు, ఎత్తు 6.6 మీటర్లు. వీధి వెడల్పు 6. చేతిలోని పెన్సిలుతో తూర్పు వరుస పిట్టగోడ మీద నుంచి వాలు గీత గీస్తే అది వీధి మొత్తం దాటి ఎదుటి ఇంటి గోడ మీద మోకాలెత్తున తగిలింది. తొమ్మిదింబావు అయినా వీధిలో ఒక్క అడుగు నేల మీద కూడా ఎండ లేదు. బల్ల దగ్గర ఎవరో నవ్వారు. నాకూ నవ్వే వచ్చింది, ఏడుపు కంటే అదే నయం.

అప్పటికి ఇంకా నిమిషంన్నర ఉంది. కాన్సెప్టును పూర్తిగా వదులుకోవాలా అన్నది ఆ క్షణంలో తేల్చుకోవాల్సి వచ్చింది. వీధి పనిచోటు అన్న మాట తప్పు కాలేదు, తప్పయింది ఇళ్ల ఎత్తు. అదే చెప్పి, తూర్పు వరుసను ఒక్క అంతస్తుకు తగ్గిస్తే ఏమవుతుందో అక్కడే గీశాను. ఎత్తు 3.3 మీటర్లు, అదే వేళకు నీడ కూడా 3.3. పడమటి వైపున 2.7 మీటర్ల వెడల్పు పట్టీ ఎండలోకి వస్తుంది, పడుగు అక్కడ చాచుకోవచ్చు, నడిచేవాళ్లు నీడ వైపు పోవచ్చు. "ఇది నువ్వు ముందే గీసి తేవాల్సింది" అన్నారాయన. తర్వాత ఇంకో మాట కలిపారు. "మరి తూర్పు వైపు పన్నెండు కుటుంబాలకు పై గది లేకుండా పోయింది, వాళ్లకేం చెబుతావు?" జవాబు మొదలుపెట్టేలోగా సార్ గంట కొట్టారు.

నా స్నేహితురాలు వెనక నిలబడి జ్యూరీ అన్న ప్రతి మాటా రాసిపెట్టింది. ఆ కాగితం లేకపోతే సగం ప్రశ్నలు నాకు గుర్తుండేవి కావు, తిట్లు మాత్రమే గుర్తుండేవి. ఆ రాత్రి ఆ కాగితం ముందు పెట్టుకుని లెక్క మళ్లీ చూసుకున్నాను. సూర్యుడు దక్షిణంగా వంగి వస్తాడు కాబట్టి వీధికి అడ్డంగా కొలిచే వాలు 45 డిగ్రీలు దాటేది ఇంకో ఐదు పది నిమిషాల తర్వాత, అంతే తేడా. చలికాలంలో ఇంకా ఆలస్యమవుతుంది, అది విడిగా వేయాలి. సెక్షన్‌ను ఈసారి మగ్గం గుంట మీదుగా కోసి కొత్తగా గీశాను. పై గదులు తీసేసిన ఇళ్లకు వెనక పెరట్లో ఒక గది వేసి చూశాను, పెరడు సగానికి తగ్గింది. పడమటి వరుసకు మూడో అంతస్తు వేసి చూశాను, నేతగాడు తూర్పు వైపు ఉంటే అతని గది వీధి దాటి ఎదురింటి మీద ఎందుకుంటుందో నాకే అర్థం కాలేదు. ఫైనల్ సబ్మిషన్‌కు పెరటి గదినే ఉంచి ఇచ్చాను.