మియాపూర్‌లో ఓనర్ అద్దె 27 వేలు అడిగితే 24 వేలకి ఎలా సెటిల్ అయిందంటే (నా అనుభవం)

మాది మియాపూర్‌లో లిఫ్ట్ ఉన్న మామూలు అపార్ట్‌మెంట్, 2బీహెచ్‌కే, అద్దె 22 వేలు, మెయింటెనెన్స్ వేరే. 11 నెలల అగ్రిమెంట్ జూన్ చివర్లో అయిపోతుందనగా ఓనర్ అంకుల్ ఫోన్ చేసి "చుట్టుపక్కల అందరూ 27 తీసుకుంటున్నారు బాబూ, మీరూ అదే ఇవ్వాలి" అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు, వారం టైమ్ అడిగా.

హైదరాబాద్‌లో అద్దెలు పెరిగాయని పేపర్లో వచ్చే లెక్క ఎక్కువగా కొత్త గేటెడ్ కమ్యూనిటీలది, మన వీధికి అది పనికిరాదు. యాప్‌లో మా ఏరియా 2బీహెచ్‌కేలు 26, 27 అనే ఉన్నాయి కానీ అది అడిగే రేటు, కుదిరే రేటు కాదు. అందుకే ఇల్లు వెతుక్కునేవాడిలా ఆ ఫ్లాట్లు పెట్టినవాళ్లకే ఫోన్ చేసి "ఫ్యామిలీ, వెంటనే దిగుతాం, లాస్ట్ ఎంత" అని అడిగితే ఇద్దరు అక్కడికక్కడే 24కి దిగారు, ఇంకొకాయన మెయింటెనెన్స్ కలిపే 25 అన్నాడు. కొన్ని ఫ్లాట్ల ఫొటోలైతే అవే, రేటు మాత్రం రెండు వారాల్లో తగ్గింది. అసలు విషయం మా వాచ్‌మన్ చెప్పాడు, మూడో అంతస్తు ఫ్లాట్ ఏప్రిల్ నుంచి ఖాళీగానే ఉందట, టు-లెట్ బోర్డు వెలిసిపోయింది కూడా. చూసినవాళ్లు అదే రోజు అడ్వాన్స్ ఇచ్చేసి పోతుంటే ఓనర్లది పైచేయి, బోర్డు నెలలు వేలాడుతుంటే మనది.

ఇంకోటి, జూన్ దాటితే ఆషాఢం. స్కూళ్లు మొదలయ్యేలోపే ఫ్యామిలీలు సర్దుకుంటాయి, ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ, శ్రావణం దాకా ఆగాల్సిందే. అంటే మేం ఖాళీ చేస్తే అంకుల్‌కి ఒక నెల అద్దె పోతుంది, పెయింటింగ్ మా అడ్వాన్స్‌లో పట్టుకున్నా ఖాళీ నెల మెయింటెనెన్స్ ఆయనదే. కొత్తవాళ్లు 25 ఇచ్చినా 24తో పోలిస్తే 11 నెలలకి వచ్చేది 11 వేలే.

అలాగని నాకూ మారడం ఫ్రీ కాదుగా, సామాన్ల బండికి పది పన్నెండు వేలు, బ్రోకర్‌కి సగం నెల అద్దె, పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఒక నెల కోత, మొత్తం దాదాపు నలభై అయిదు వేలు అవుతుంది. 2 వేలు పెంచితే 11 నెలలకి 22 వేలే. అయినా ఎంతంటే అంత ఇవ్వలేం కదా, 24,500 దాటితే మారిపోదామని ఇంట్లో ముందే అనుకున్నాం.

ఫోన్లో కాకుండా వాళ్లింటికే వెళ్లి మాట్లాడా. మార్కెట్ పడిపోయిందని వాదిస్తే ఆయనకి పంతం వస్తుందని తెలుసు, అందుకే "అంకుల్, అద్దె ఎప్పుడూ అయిదో తారీఖు దాటలేదు, ఉండాలనే ఉంది, 23 అయితే ఇప్పుడే రాసేసుకుందాం" అన్నా. ఆయన 25 అన్నారు. మూడో అంతస్తు సంగతి అప్పుడు ఎత్తా. ఆంటీ లోపల్నుంచి "ఆషాఢంలో ఎవరొస్తారండీ, ఉండనీయండి" అన్నారు, 24 దగ్గర తెగింది. వచ్చే ఏడాది 5 శాతం మించి పెంచకూడదని కూడా అగ్రిమెంట్‌లో రాయించుకున్నా, కారుతున్న బాత్రూమ్ కుళాయి మాత్రం నన్నే మార్పించుకోమన్నారు.